బిడ్డ వయసు నెలల్లో లెక్కపెట్టండి: బాలల సంక్షేమ సమితులకు, శిశు గృహలకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల బాలల సంక్షేమ సమితుల అధ్యక్షులకు, సభ్యులకు, శిశు గృహల నిర్వాహకులకు నమస్కారం.

ఈ ప్రాంతంలో చిన్నపిల్లల ఎదుగుదలను పరీక్షించే వైద్యులం, మనస్తత్వ నిపుణులం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మీ దగ్గరున్న పిల్లల్లో రెండేళ్లు నిండని వాళ్ల గురించే మా మాటంతా. ఆసుపత్రి ఉయ్యాలలోనో బస్టాండులోనో దొరికిన పసికందులు, కన్నవాళ్లు సాకలేమని అప్పగించిన పిల్లలు, తల్లి పోయి తండ్రి వలస వెళ్లగా ఎవరూ రాకుండా మిగిలిపోయిన పిల్లలు వీళ్లు. వీళ్ల ఫైలు ఒక టేబుల్ మీద రెండు నెలలు ఆగితే పెద్దవాళ్లకు అదేం పెద్ద ఆలస్యంగా కనిపించదు. ఎనిమిది నెలల బిడ్డకు మాత్రం అది పుట్టినప్పటి నుంచి గడిచిన కాలంలో నాలుగో వంతు. ఆ నాలుగో వంతు ఎక్కడ గడిచిందన్నది తర్వాత ఎంత తేడా తెస్తుందో రుమేనియాలో కొలిచి చూశారు. ఆ కొలతలను మీ ముందు పెట్టి, వాటి ఆధారంగా కొన్ని పనులు చేయమని అడగాలనుకుంటున్నాం.

రుమేనియాలో 1966లో నియంత చౌషెస్కు జనాభా పెంచాలని గర్భస్రావాన్ని, కుటుంబ నియంత్రణను దాదాపుగా నిషేధించాడు. సాకే శక్తి లేని కుటుంబాలు పిల్లల్ని ప్రభుత్వ శిశు కేంద్రాలకు అప్పగించడం మామూలైపోయింది. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలిపోయేనాటికి లక్షకు పైగా పిల్లలు అలాంటి చోట్ల ఉన్నారు. అక్కడ ఒక్కో ఆయాకు పన్నెండు నుంచి పదిహేను మంది పిల్లలు. పాలు, స్నానం, గుడ్డలు మార్చడం అన్నీ గడియారం ప్రకారం వరసగా జరిగేవి. ఏడ్చిన బిడ్డ దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు, కొన్నాళ్లకు బిడ్డ ఏడవడం మానేసేది.

అలాంటి పిల్లలు వెనకబడి ఉన్నారని చూసిన ప్రతివాళ్లూ చెప్పారు. కారణం మాత్రం ఎవరూ తేల్చలేకపోయారు. నిర్లక్ష్యం వల్ల వెనకబడ్డారా, లేక పుట్టుకతోనే ఏదో లోపం ఉండి కన్నవాళ్లు వదిలేశారా? దత్తత వెళ్లిన పిల్లలు బాగుపడితే అది ఇంటి మహిమా, లేక కాస్త చురుగ్గా ఉన్న పిల్లల్నే దత్తతకు ఎంచుకోవడం వల్లా? ఏళ్ల తరబడి గదిలో బంధించిన ఒకరిద్దరు పిల్లల కథలు లోకమంతా చెప్పుకుంది గానీ, ఒక్క బిడ్డ కథతో ఈ ముడి విప్పలేం. ఆ బిడ్డ పుట్టినప్పుడు ఎలా ఉందో ఎవరికీ తెలియదు.

ఈ ముడిని విప్పింది బుఖారెస్టులో 2000 ప్రాంతంలో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా మొదలుపెట్టిన అధ్యయనం. ఆ నగరంలోని ఆరు శిశు కేంద్రాల నుంచి 136 మంది పిల్లల్ని తీసుకున్నారు. వాళ్ల వయసు 6 నుంచి 31 నెలలు. జన్యు లోపాలున్న పిల్లల్ని ముందే పరీక్షించి పక్కన పెట్టారు. తర్వాత లాటరీ తీసి, సగం మందిని, అంటే 68 మందిని, శిక్షణ ఇచ్చి జీతమిచ్చే పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగతా 68 మంది అప్పటి ఏర్పాటులోనే ఉన్నారు. ఎప్పుడూ కేంద్రంలో పెరగని 72 మంది మామూలు ఇళ్ల పిల్లల్ని పోలిక కోసం తీసుకున్నారు. లాటరీ కాబట్టి చురుకైన పిల్లలే ఇళ్లకు వెళ్లారన్న అనుమానానికి తావు లేదు.

పసిపిల్లల మీద లాటరీ ఏమిటన్న ప్రశ్న మీకు వస్తుంది, రావాలి కూడా. అప్పటికి బుఖారెస్టులో పెంపుడు కుటుంబాల ఏర్పాటు దాదాపు లేదు. అధ్యయనం లేకపోతే ఆ 68 మంది కూడా కేంద్రంలోనే ఉండేవాళ్లు. కేంద్రంలో మిగిలిన ఏ బిడ్డకైనా తర్వాత కుటుంబం దొరికితే అధ్యయనం కోసం ఆపకూడదని, ఇంటికి వెళ్లిన ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదని ముందే నియమం పెట్టుకున్నారు. అలా తర్వాత చాలామంది కేంద్రాలు వదిలి వెళ్లారు. అయినా లెక్కలు కట్టేటప్పుడు లాటరీలో పడిన గుంపు ప్రకారమే కట్టారు. అందుకే మేం కింద చెప్పే తేడాలు అసలు తేడా కన్నా తక్కువే చూపించి ఉండొచ్చు.

పిల్లలకు 42 నెలలు వచ్చినప్పుడు ఎదుగుదల సూచీ కొలిచారు. ఇది సగటు బిడ్డకు వంద దగ్గర ఉంటుంది. మామూలు ఇళ్ల పిల్లలది 103, కేంద్రం గుంపుది 77, పెంపుడు కుటుంబాల గుంపుది 86. ఇంటికి వెళ్లడం వల్ల తొమ్మిది పాయింట్లు పెరిగాయి, కానీ మామూలు పిల్లల్ని అందుకోలేదు. ఇక్కడితో ఆగితే అసలు సంగతి తప్పిపోతుంది. ఇళ్లకు వెళ్లిన పిల్లల్ని వెళ్లిన వయసును బట్టి విడదీస్తే, 18 నెలల్లోపు వెళ్లినవాళ్ల సగటు 94 ఉంది. 18కి, 24కి మధ్య వెళ్లినవాళ్లది 89. రెండేళ్లు దాటాక వెళ్లినవాళ్లది 80 దగ్గరే నిలిచింది. అదే ఊరు, అదే శిక్షణ పొందిన పెంపుడు తల్లులు. వెళ్లిన నెల మాత్రమే తేడా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఎవరు ఇంటికి వెళ్లాలన్నది లాటరీ తేల్చింది గానీ, ఏ వయసులో వెళ్లాలన్నది లాటరీ తేల్చలేదు. కాబట్టి 'ఇల్లు మేలు చేస్తుంది' అన్నంత గట్టిగా 'ఫలానా నెలే గీత' అని చెప్పలేం. పిల్లలకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి తెలివితేటల కొలతలో ఈ వయసు తేడా అంత స్పష్టంగా కనిపించలేదు కూడా. అదే ఎనిమిదేళ్లప్పుడు మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేస్తే మాత్రం తేడా తేటగా బయటపడింది. రెండేళ్లలోపు ఇంటికి చేరిన పిల్లల తరంగాలు మామూలు పిల్లల వాటిలాగే ఉన్నాయి. ఆ తర్వాత చేరినవాళ్లవి కేంద్రంలో మిగిలిన పిల్లల వాటికి దగ్గరగా ఉన్నాయి.

ఒక శక్తి ఏర్పడటానికి తగిన అనుభవం అందాల్సిన కాలాన్ని సున్నిత దశ అంటారు. ఆ మాటను ఎలా అర్థం చేసుకోవాలో ఇక్కడే తెలుస్తుంది. ఒకానొక పుట్టినరోజు నాడు మూసుకుపోయే ఒకే ఒక తలుపు కాదది. ఒక్కో శక్తికి ఒక్కో కాలం ఉంది. మాట విషయంలో 15 నెలల్లోపు ఇంటికి చేరిన పిల్లలు మామూలు పిల్లలతో సమానంగా మాట్లాడారు, రెండేళ్లు దాటి చేరినవాళ్లు బాగా వెనకబడ్డారు. తనను సాకే మనిషితో గట్టి అనుబంధం ఏర్పడటానికి దాదాపు రెండేళ్ల దాకా వీలు కనిపించింది. నిలకడ లేకపోవడం, అతిచురుకుదనం మాత్రం ఇంటికి వెళ్లినా పెద్దగా తగ్గలేదు. బహుశా వాటికి సంబంధించిన నష్టం అంతకు ముందే జరిగిపోయింది. రుమేనియా నుంచి ఇంగ్లండుకు దత్తత వెళ్లిన పిల్లల్ని మైఖేల్ రట్టర్ బృందం పెద్దయ్యేదాకా గమనించింది. అక్కడ గీత ఆరు నెలల దగ్గర పడింది. కేంద్రంలో ఆరు నెలల కన్నా తక్కువ గడిపినవాళ్లు ఇంగ్లండులోనే పుట్టి దత్తత వెళ్లిన పిల్లలతో సమానంగా ఎదిగారు. అంతకన్నా ఎక్కువ కాలం గడిపినవాళ్లలో నిలకడలేమి, కొత్తవాళ్లతో హద్దు తెలియకపోవడం, ఆటిజాన్ని పోలిన లక్షణాలు పెద్దయ్యాక కూడా చాలామందిలో మిగిలాయి. ఒకచోట ఆరు నెలలు, ఇంకోచోట ఇరవై నాలుగు నెలలు ఎందుకొచ్చాయంటే, కొలిచిన శక్తులు వేరు, కేంద్రాల పరిస్థితి వేరు, పిల్లలు వెళ్లిన ఇళ్లు వేరు. రెండు అధ్యయనాలూ కలిసి చెప్పేది మాత్రం ఒకటే. ముందు వెళ్లిన బిడ్డ తర్వాత వెళ్లిన బిడ్డ కన్నా మెరుగ్గా ఉంటుంది. 'రెండేళ్లు రాలేదు కదా, ఇంకా టైముంది' అని ఈ లెక్కల్ని ఎవరూ చదవకూడదు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, పసిబిడ్డ మెదడు కొన్ని అనుభవాలు తప్పక వస్తాయన్న లెక్కతో తయారై ఉంటుంది. కళ్లు తెరిస్తే వెలుగు, చెవికి మాట, ఏడిస్తే వచ్చే మనిషి. పుట్టాక తొలి నెలల్లో నరాల మధ్య అతుకులు అవసరానికి మించి ఏర్పడతాయి. వాడినవి గట్టిపడతాయి, వాడనివి తెగిపోతాయి. బిడ్డ 'ఊ' అంటే ఎదుటి మనిషి 'ఊ' అనడం, చూపు కలపడం, ఎత్తుకోవడం రోజుకు వందలసార్లు జరిగితేనే ఆ అతుకులు వాడినట్టు. కడుపు నిండా పాలు పట్టి, శుభ్రంగా ఉంచి, ఈ బదులు మాత్రం ఇవ్వకపోతే బిడ్డ బరువు పట్టిక బాగానే కనిపించవచ్చు, మెదడుకు అందాల్సింది అందదు.

దీన్ని మీ రిజిస్టర్లలో ఎలా గుర్తుపట్టాలో ఒక ఊహా ఉదాహరణతో చెబుతాం. నాలుగు నెలల పాప శిశు గృహకు వచ్చింది, నాలుగు నెలల బిడ్డ చేసే పనులన్నీ చేస్తోంది. సూచీ అంటే చేసే పనుల వయసును అసలు వయసుతో భాగించి వందతో హెచ్చించడం. పాపకు 100. పది నెలలప్పుడు ఎనిమిది నెలల బిడ్డ పనులు చేస్తోంది, అంటే 80. ఇరవై నెలలకు నడుస్తోంది, రెండు మూడు మాటలంటోంది, అవి పద్నాలుగు నెలల బిడ్డ పనులు, అంటే 70. ఆయా ప్రతి నెలా పాపలో ఏదో కొత్తదనం చూస్తూనే ఉంది. రిజిస్టరులో 'నడుస్తోంది, బాగుంది' అని రాసి ఉంటుంది. అందులో అబద్ధం లేదు. కానీ పది నెలల కాలంలో పాప నేర్చుకున్నది ఆరు నెలల పని. వయసు పక్కన రాయకపోతే ఈ జారుడు ఎవరి కంటా పడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే ఆ వారాలు అసలు వయసులోంచి తీసేసి లెక్కించాలి. వినికిడి, చూపు, రక్తహీనత ముందు పరీక్షించాలి, వెనకబాటుకు అవే కారణం కావచ్చు. ఈ పరీక్షలకు జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల లోపాలను తొందరగా గుర్తించే కేంద్రాలు, డీఈఐసీలు ఉన్నాయి.

ఇంకో రెండు గుర్తులు తరచూ తప్పుగా చదవబడతాయి. ఒకటి, ఏడవని బిడ్డ. ఎనిమిది నెలల బిడ్డ ఆకలేసినా, ఒంటరిగా ఉన్నా ఏడవకుండా, తన చేతుల్ని తానే చూసుకుంటూ, ముందుకూ వెనక్కూ ఊగుతూ కూర్చుంటే 'బుద్ధిమంతురాలు, మాకు కష్టం లేదు' అంటారు. ఏడిస్తే ఎవరూ రారని నేర్చుకున్న బిడ్డ అలా ఉంటుంది. రెండు, ఎవరొచ్చినా చేతులు చాచే బిడ్డ. రెండు మూడేళ్ల పిల్ల కొత్త సందర్శకుడి కాళ్లు చుట్టేసి ఒళ్లో ఎక్కితే 'ఎంత కలుపుగోలో' అనుకుంటాం. బుఖారెస్టు పరిశోధకులు దీన్ని నేరుగా పరీక్షించారు. ముక్కూమొహం తెలియని మనిషి వాకిట్లో నిలబడి 'నాతో రా, ఒకటి చూపిస్తా' అంటే, మామూలు ఇళ్ల పిల్లల్లో వెంట వెళ్లినవాళ్లు చాలా అరుదు. కేంద్రాల్లో పెరిగినవాళ్లలో అలా వెళ్లినవాళ్లు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 'నా మనిషి' అన్నవాళ్లు లేని బిడ్డకు 'పరాయి మనిషి' కూడా ఉండరు.

అందుకే మేం శిశు గృహ నిర్వాహకులను మొదట అడిగేది బొమ్మలు, రంగుల గోడలు కాదు, ఆయాల పట్టీ. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అనాథ శిశు కేంద్రాల్లో ఒక్కో బిడ్డ మొదటి రెండేళ్లలో 60 నుంచి 100 మంది వేర్వేరు ఆయాల చేతులు మారేది. ఒక కేంద్రంలో ఆయాలకు శిక్షణ ఇవ్వడంతో పాటు గుంపులను సగానికి తగ్గించి, ప్రతి గుంపుకు ఇద్దరేసి సొంత ఆయాలను పెట్టి, వయసు పెరిగిందని పిల్లల్ని వేరే గుంపుకు మార్చడం ఆపేశారు. ఇంకో కేంద్రంలో శిక్షణ మాత్రమే ఇచ్చారు. ఏర్పాటు కూడా మార్చిన చోట పిల్లలు ఎంతో ఎక్కువ ఎదిగారు, తిండి మార్చకపోయినా శరీరం కూడా పెరిగింది.

మన లెక్కలో చూద్దాం. పది మంది పిల్లలకు ఆరుగురు ఆయాలున్నారనుకోండి. కాగితం మీద ఒక్కరికి ఇద్దరు పిల్లలు కూడా లేనట్టు కనిపిస్తుంది. మూడు షిఫ్టులకు పంచి, వారానికో సెలవు తీసేస్తే ఏ షిఫ్టులోనూ సగటున ఇద్దరు ఉండరు. ఒకరు పాలు కలపడానికో బట్టలు ఉతకడానికో వెళితే పది మందికి ఒక్కరే. కాబట్టి ఆయాలను కాకుండా ముందు పిల్లల్ని పంచండి. ఐదుగురు పిల్లలకు ఒక పొద్దుటి ఆయా, ఒక మధ్యాహ్నపు ఆయా, మిగతా ఐదుగురికి ఇంకో జత. జతలోని ఇద్దరి సెలవులూ ఒకేరోజు పడకుండా చూస్తే ప్రతి పగలూ ప్రతి బిడ్డకూ తెలిసిన మొహం ఒకటైనా ఉంటుంది. మిగిలిన ఇద్దరూ రాత్రులు చూసుకుంటారు. పాలు పట్టే వేళ కూడా మార్చాలి. ఒడిలో పెట్టుకుని పట్టడానికి బిడ్డకు ఇరవై నిమిషాలు పడుతుంది, ఐదుగురికి గంటా నలభై నిమిషాలు. అందరికీ ఒకే గంటకు అంటే సీసాను దిండుకు ఆనించక తప్పదు. అలా చేస్తే పొలమారొచ్చు, చెవిలో చీము పట్టొచ్చు, బిడ్డకు దక్కాల్సిన ఆ ఇరవై నిమిషాల చూపూ మాటా పోతాయి. ఒక్కో బిడ్డ వేళను ఇరవై నిమిషాలు జరిపి రాసుకుంటే ఉన్న ఆయాలతోనే ఇది కుదురుతుంది.

ఎంత మంచి శిశు గృహ అయినా ఇంటికి సమానం కాదు కాబట్టి, సమితుల పనికి వస్తాం. దిక్కులేని, వదిలేసిన బిడ్డకు రెండేళ్లలోపు వయసుంటే, మీ ముందు హాజరుపరిచిన నాటి నుంచి రెండు నెలల్లో దత్తతకు అర్హత ప్రకటించాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 38వ సెక్షన్ చెబుతోంది. రెండేళ్లు దాటితే నాలుగు నెలలు. అంటే చిన్నబిడ్డ తొందర చట్టానికీ తెలుసు. ఐదు నెలలప్పుడు దొరికిన పాపకు ఈ లెక్కన ఏడు నెలలకు ప్రకటన రావాలి, ఏడాది నిండకముందే ఇల్లు దొరకాలి. ఈ గడువు ఎక్కడ జారిపోతుందో మీకు మాకన్నా బాగా తెలుసు. తల్లిదండ్రుల జాడ దొరకలేదన్న పోలీసు నివేదిక రావాలి, పత్రికా ప్రకటన పడాలి, సామాజిక విచారణ నివేదిక రావాలి, సమితి కూర్చోవాలి. ఒకటయ్యాక ఒకటి మొదలుపెడితే పాపకు ఏడాదిన్నర దాటుతుంది. బిడ్డ వచ్చిన వారమే అన్నీ ఒకేసారి మొదలుపెట్టి, నివేదిక రాకపోతే పిలిపించుకోండి. సమితికి మేజిస్ట్రేటు అధికారాలున్నాయి.

దీనికన్నా మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది ఇంకో రకం ఫైలు. బిడ్డకు కన్నవాళ్లు ఉన్నారు కాబట్టి దత్తతకు రాదు, ఎవరూ చూడ్డానికి రారు కాబట్టి ఇంటికీ పోదు. ఈ ఫైలుకు గడువు ఒత్తిడి తక్కువ, నెలలు మాత్రం అలాగే గడుస్తాయి. తండ్రి గల్ఫులో ఉండి, తల్లి చనిపోయిన బిడ్డకు జగిత్యాల పల్లెలో అమ్మమ్మో మేనత్తో ఉండొచ్చు. సాకాలని ఉన్నా చేతిలో డబ్బు లేక వెనకాడుతుండొచ్చు. మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉందన్న సంగతి ఆమెకు ఎవరైనా వెళ్లి చెప్పారా? మూడు నెలలు ఎవరూ చూడ్డానికి రాని రెండేళ్లలోపు ప్రతి బిడ్డ ఫైలునూ సమితి తిరిగి తెరవాలని, బంధువుల ఇళ్లకు మనిషిని పంపాలని మా వినతి. బంధువులకైనా అప్పగించి వదిలేయకూడదు. బుఖారెస్టులో మొదట చేరిన పెంపుడు కుటుంబంలోనే స్థిరంగా ఉన్న పిల్లలు, ఇళ్లు మారిన పిల్లల కన్నా మెరుగ్గా ఉన్నారు. మొదటి ఆరు నెలలు సామాజిక కార్యకర్త తరచూ వెళ్లి చూస్తేనే ఇల్లు నిలబడుతుందో లేదో తెలుస్తుంది.

రెండేళ్లు దాటిన పిల్లల విషయంలో ఈ లేఖను ఎవరూ వదులుకోవడానికి సాకుగా వాడకూడదని గట్టిగా కోరుతున్నాం. ఆలస్యంగా ఇంటికి వెళ్లిన పిల్లల్లో కూడా దిగులు, భయం తగ్గాయి. ఇంగ్లండుకు ఆలస్యంగా వెళ్లినవాళ్లలో దాదాపు ఐదో వంతు మందికి పెద్దయ్యాక కూడా ఏ సమస్యా కనిపించలేదు. చిన్నప్పుడు తెలివితేటల కొలతలో వెనకబడినవాళ్లలో చాలామంది యవ్వనం నాటికి అందుకున్నారు. దత్తత తీసుకునే తల్లిదండ్రులకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బిడ్డ ఎన్ని నెలలు శిశు గృహలో గడిపింది, సూచీ ఎలా మారింది, మాట ఎక్కడుంది అన్నవి ముందే తెలిస్తే, రెండేళ్ల తర్వాత బడిలో నిలకడగా కూర్చోలేని బిడ్డను మొండి అని కొట్టరు, వెనక్కి ఇచ్చేస్తామని రారు.

కాబట్టి వచ్చే సమావేశం నుంచే ఒక చిన్న మార్పు చేయమని అడుగుతున్నాం. రెండేళ్లలోపు ప్రతి బిడ్డ ఫైలు అట్ట మీద మూడు అంకెలు రాయండి: ఈ రోజుకు బిడ్డ వయసు నెలల్లో, శిశు గృహలో గడిపిన నెలలు, చివరిసారి కొలిచిన ఎదుగుదల సూచీ. వాయిదా వేసిన ప్రతిసారీ మొదటి రెండు అంకెల్ని కొట్టేసి కొత్తవి రాయండి. మూడో అంకె కోసం ప్రతి మూడు నెలలకోసారి పిల్లల్ని పరీక్షించడానికి, ఆయాలకు నేర్పడానికి, మేం మీ శిశు గృహలకే వస్తాం. తేదీలు మీరు చెప్పండి.

ఇట్లు,
పిల్లల ఎదుగుదల వైద్యులు, శిశు మనస్తత్వ నిపుణులు
వరంగల్